మార్చి 31 లెక్కలో కనిపించని అప్పు: ఒక పురుగుమందుల దుకాణం నగదు కథ

లాభం ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. వరంగల్, నర్సంపేట, పరకాల, జనగామ ప్రాంతాల్లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే వ్యాపారుల్లో చాలామందికి ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎదురయ్యే పరిస్థితి ఇది. దుకాణం ముందు బేరం జోరుగా ఉంటుంది, బిల్లు పుస్తకాలు నిండుతుంటాయి. కంపెనీ డీలరుకు చెక్కు రాయాల్సిన రోజు మాత్రం ఖాతాలో డబ్బు ఉండదు. ఇది దుబారా వల్ల వచ్చేది కాదు. సరుకు కొనడానికి పెట్టిన రూపాయి మళ్లీ రూపాయిగా చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోందన్న లెక్కలోనే దీని మూలం ఉంది. ఆ రోజుల లెక్కనే వర్కింగ్ క్యాపిటల్ చక్రం అంటారు.

చక్రంలో మూడు ముక్కలుంటాయి. సరుకు దుకాణానికి వచ్చి అమ్ముడుపోయే వరకు పట్టేవి సరుకు రోజులు. అమ్మిన తర్వాత డబ్బు వసూలయ్యే వరకు పట్టేవి వసూలు రోజులు. సరుకు ఇచ్చినవాడు మనకు ఇచ్చే గడువు చెల్లింపు రోజులు. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే, మన సొంత డబ్బు లేదా బ్యాంకు డబ్బు ఎన్ని రోజులు వ్యాపారంలో ఇరుక్కుపోతోందో తెలుస్తుంది. సూత్రాలు ఇవి:

```
సరుకు రోజులు = సరుకు నిల్వ ÷ ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధర × 365
వసూలు రోజులు = రావలసిన బాకీ ÷ ఏడాది అమ్మకాలు × 365
చెల్లింపు రోజులు = ఇవ్వవలసిన బాకీ ÷ ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధర × 365
```

ఈ సూత్రాలు ఏ వాణిజ్య శాస్త్ర పుస్తకంలోనైనా దొరుకుతాయి. వీటిని వ్యవసాయం మీద ఆధారపడిన వ్యాపారానికి యథాతథంగా వాడితే మాత్రం నిజానికి దాదాపు తలకిందులైన చిత్రం వస్తుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. లెక్క సులువుగా ఉండేందుకు నర్సంపేటలో ఒక దుకాణం ఉందని ఊహించుకుందాం. అంకెలన్నీ ఆ ఊహా దుకాణానివే.

ఆ దుకాణం ఏడాది అమ్మకాలు 1 కోటి 46 లక్షల రూపాయలు, అంటే రోజుకు సగటున 40 వేలు. ఆ సరుకు కొన్న ధర 1 కోటి 31 లక్షల 40 వేలు, అంటే రోజుకు 36 వేలు. మిగిలే స్థూల లాభం 14 లక్షల 60 వేలు. మార్చి 31న లెక్కలు ముగించేసరికి దుకాణంలో 10 లక్షల 80 వేల సరుకు ఉంది. రైతుల నుంచి రావలసింది 12 లక్షలు, సరఫరాదారులకు ఇవ్వవలసింది 7 లక్షల 20 వేలు. సూత్రంలో వేస్తే సరుకు రోజులు 30, వసూలు రోజులు 30, చెల్లింపు రోజులు 20. చక్రం 40 రోజులు. ఈ కాగితం చూసిన ఎవరైనా నెల తిరగకుండానే బాకీలు వసూలు చేసుకునే వ్యాపారి అని మెచ్చుకుంటారు.

ఇప్పుడు ఇదే దుకాణాన్ని సెప్టెంబరు 30న చూద్దాం. సరుకు 18 లక్షలు, రైతుల నుంచి రావలసింది 62 లక్షలు, ఇవ్వవలసింది 27 లక్షలు. అవే సూత్రాలతో సరుకు రోజులు 50, వసూలు రోజులు 155, చెల్లింపు రోజులు 75. చక్రం 130 రోజులు. ఆరు నెలల్లో వ్యాపారి మారలేదు, రైతులు మారలేదు, అలవాట్లు మారలేదు. మారింది తారీఖు మాత్రమే. మే నెలలో ఎండిన చెరువును చూసి దాని లోతు చెప్పలేనట్టే, మార్చి 31 నాటి నిల్వను చూసి ఈ దుకాణానికి ఎంత డబ్బు కావాలో చెప్పలేం.

అయితే సెప్టెంబరు లెక్క నిజమని, మార్చి లెక్క అబద్ధమని తేల్చేయడం కూడా తొందరపాటే. రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. రోజుకు 40 వేల సగటు అమ్మకం అన్నది ఏ నెలలోనూ ఉండదు. వరంగల్ చుట్టుపక్కల పత్తి, మొక్కజొన్న, వరి, మిర్చి పంటల కాలాన్ని బట్టి వానాకాలం నాలుగు నెలల్లోనే అమ్మకాల్లో సింహభాగం జరిగిపోతుంది. మన దుకాణంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు 92 లక్షల వ్యాపారం జరిగితే, ఫిబ్రవరి, మార్చి నెలలు రెండూ కలిపినా 6 లక్షలు దాటలేదు. మార్చి చివర ఉన్న బాకీని ఏడాది సగటుతో భాగిస్తే బాకీ లేతగా కనిపిస్తుంది. సెప్టెంబరు చివరి బాకీని అదే సగటుతో భాగిస్తే ఉన్నదానికంటే ముదిరినట్టు కనిపిస్తుంది.

దీనికి విరుగుడు చాలా సాదా లెక్క. చివరి నెల నుంచి వెనక్కి నడుస్తూ, ఒక్కో నెల అరువు అమ్మకాన్ని మొత్తం బాకీలోంచి తీసేస్తూ పోవాలి. బాకీ సున్నా అయ్యేసరికి ఎన్ని రోజులు వెనక్కి వెళ్లామో అవే అసలైన వసూలు రోజులు. సెప్టెంబరు చివర 62 లక్షల బాకీ ఉందనుకున్నాం. సెప్టెంబరులో అరువు మీద అమ్మింది 17 లక్షలు, ఆగస్టులో 21, జులైలో 18. ఈ మూడూ కలిపి 56 లక్షలు. ఇంకా 6 లక్షలు మిగిలాయి. జూన్‌లో అరువు అమ్మకం 12 లక్షలు కాబట్టి అందులో సగం, అంటే 15 రోజులు. మొత్తం 30, 31, 31, 15 కలిపితే 107 రోజులు. సూత్రం చెప్పిన 155 కాదు.

ఇదే పని మార్చి చివరి 12 లక్షల మీద చేద్దాం. మార్చిలో అరువు అమ్మకం 1 లక్ష, ఫిబ్రవరిలో 2, జనవరిలో 4, డిసెంబరులో 5. సరిగ్గా 12 లక్షలు. రోజులు 31, 28, 31, 31 కలిపి 121. సూత్రం 30 రోజులు అని చెప్పిన చోట నిజం కనీసం నాలుగు నెలలు. ఆడిటరు సంతకం పెట్టిన కాగితంలో ఏడాది మొత్తంలోకీ ఆరోగ్యంగా కనిపించిన రోజే, ఈ దుకాణం బాకీలు అన్నిటికంటే ముదిరిపోయి ఉన్నాయి. బాకీ మొత్తం తగ్గింది నిజమే. మిగిలినది మాత్రం తేలిగ్గా రానిది.

కనీసం అని ఎందుకన్నానంటే, వెనక్కి లెక్కించే పద్ధతి పాత బాకీ ముందు తీరిందని, కొత్త బాకీయే మిగిలిందని అనుకుని నడుస్తుంది. పల్లె ఖాతాల్లో అలా జరగదు. ఈ ఏడు మందు తీసుకున్న రైతు ఈ ఏటి బాకీ కట్టేస్తాడు. రెండేళ్ల కిందట బోరు ఎండి పంట పోయిన రైతు ఆ పాత బాకీ మాటెత్తడు, కొత్త సరుకుకు వేరే దుకాణానికి వెళ్తాడు. అందుకే మూడో మెట్టు తప్పదు. ఖాతా పుస్తకం తెరిచి, ఒక్కో పేరు ఎదుట ఉన్న బాకీ ఏ తారీఖుదో రాసుకోవాలి. మన దుకాణంలో ఆ పని చేస్తే, మార్చి చివరి 12 లక్షల్లో 9 లక్షలు అంతకుముందు వానాకాలంలో మిర్చి రైతులు తీసుకున్న మందులవని తేలిందనుకుందాం.

మిర్చి బాకీ ఎందుకు ఇలా ముదురుతుందో వరంగల్ వాసులకు తెలుసు. పత్తి అక్టోబరు నుంచి చేతికొస్తుంది, ఎక్కువమంది రైతులు వెంటనే అమ్మేస్తారు. మిర్చి కోతలు జనవరి నుంచి ఊపందుకుంటాయి. ధర నచ్చకపోతే ఎండు మిర్చిని నెలల తరబడి దాచుకునే వీలుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలసింది అందుకే. 2025 ఆరంభంలో మిర్చి ధర దిగజారినప్పుడు చాలామంది బస్తాలను మార్కెట్‌కు బదులు కోల్డ్ స్టోరేజీకి తరలించారు. దుకాణదారు ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: "సేటూ, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది. రేటు రాగానే మీ బాకీ ముందు కడతాను." రైతు అబద్ధం చెప్పడం లేదు. ధర కోసం ఆయన సరుకు ఎన్ని రోజులు ఆగితే, దుకాణదారుకు వసూలు రోజులు అన్ని పెరుగుతాయి. దుకాణదారు డీలరుకు చెల్లించడంలో అన్ని రోజులు జాప్యమవుతుంది. ఒకరి గోదాములో నిలిచిన సరుకే తర్వాతి వ్యక్తి పుస్తకంలో రాని బాకీగా నమోదవుతుంది.

ఈ 9 లక్షలను పక్కన పెట్టి సెప్టెంబరు లెక్కను మళ్లీ చేస్తే చిత్రం స్పష్టపడుతుంది. ఆ పాత బాకీ అప్పటికీ రాలేదనుకుంటే, 62 లక్షల్లో ఈ సీజను బాకీ 53 లక్షలు. సెప్టెంబరు 17, ఆగస్టు 21 పోగా 15 మిగులుతాయి. జులై అరువు 18 లక్షల్లో 15 అంటే దాదాపు 26 రోజులు. మొత్తం 87 రోజులు. పంట చేతికి రాకముందే తీరే బాకీ కాదు కాబట్టి ఈ వ్యాపారంలో 87 రోజులు సహజం. అసలు జబ్బు ఆ 9 లక్షల్లో ఉంది. సగటు 107 అని చూసి రైతులందరినీ వసూళ్లకు తొందరపెడితే మంచి ఖాతాదారులు దూరమవుతారు, ముదిరిన బాకీ మాత్రం అక్కడే ఉంటుంది.

సరుకు రోజుల్లోనూ ఇలాంటి మెలికే ఉంది, అయితే దిశ వేరు. బాకీ ఎంత పాతదో తెలియడానికి వెనక్కి చూడాలి. సరుకు ఎన్నాళ్లు సరిపోతుందో తెలియడానికి ముందుకు చూడాలి. మార్చి చివర ఉన్న 10 లక్షల 80 వేల సరుకు ఏప్రిల్, మే నెలల కొద్దిపాటి అమ్మకాలకు పోను జూన్ మొదటి వారం దాకా వస్తుంది, అంటే 68 రోజులకు దగ్గరగా. అదీ ఆ సరుకు ఆ నెలల్లో అమ్ముడుపోయేదే అయితే. అల్మారాలో మిగిలింది మిర్చి తామర పురుగుల మందు అయితే దానికి మళ్లీ గిరాకీ వచ్చేది మిర్చి నాట్లు పడ్డాకే. పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. 2021-22లో కొత్త రకం తామర పురుగులు మిర్చి తోటలను ముంచెత్తినప్పుడు ఏ మందు దొరికితే ఆ మందు అమ్ముడుపోయింది. అలాంటి ఏడాది గిరాకీ చూసి మరుసటి ఏడాదికి సరుకు నింపుకుంటే, అది గడువు తేదీకి దగ్గరపడుతూ కూర్చుంటుంది. కంపెనీ వెనక్కి తీసుకుంటుందా, ఎంత కోసుకుంటుంది అన్నది కొనేటప్పుడే తేల్చుకోవలసిన విషయం.

యూరియా కథ వేరు. 2025 వానాకాలంలో రాష్ట్రంలో యూరియా కోసం రైతులు బారులు తీరిన రోజుల్లో లారీ దిగిన బస్తా సాయంత్రానికి ఉండేది కాదు. దాని సరుకు రోజులు ఒకటో రెండో, ఎక్కువగా నగదు బేరమే. ఒకే దుకాణంలో ఒక రోజులో పోయే యూరియా, ఆరు నెలలు కూర్చునే మందు డబ్బా కలిసి 50 రోజుల సగటు ఇస్తే, ఆ సగటు రెండింటిలో ఏదీ కాదు. మీది ఇలాంటి వ్యాపారమైతే ఎరువులకు, మందులకు, విత్తనాలకు మూడు లెక్కలు వేరువేరుగా వేయండి. అంతకుమించిన చిక్కుముడి ఇందులో లేదు.

ఇక డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. సెప్టెంబరు చివర సరుకులో 18, బాకీల్లో 62 లక్షలు ఇరుక్కుంటే అందులో 27 లక్షలు సరఫరాదారుల డబ్బు. మిగతా 53 లక్షలు వ్యాపారి సమకూర్చుకోవాలి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు వాడే కొలమానం రిజర్వు బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ సిఫారసు నుంచి వచ్చింది. ఏడాది అమ్మకాల అంచనాలో నాలుగో వంతు వర్కింగ్ క్యాపిటల్‌గా కావాలని అనుకుని, అమ్మకాల్లో 20 శాతాన్ని బ్యాంకు ఇస్తుంది, మిగతా 5 శాతం యజమాని పెట్టుకోవాలి. నాలుగో వంతు అంటే మూడు నెలలు. వ్యాపారం ఏదైనా చక్రం మూడు నెలల్లో తిరుగుతుందన్న అంచనా ఆ శాతంలోనే దాగి ఉంది. మన దుకాణానికి ఈ లెక్కన బ్యాంకు 29 లక్షల 20 వేలు, యజమాని 7 లక్షల 30 వేలు, కలిపి 36 లక్షల 50 వేలు. మార్చిలో కావలసిన 15 లక్షల 60 వేలకు ఇది రెట్టింపు పైమాటే. సెప్టెంబరులో మాత్రం 16 లక్షల 50 వేలు తక్కువ.

ఆ లోటును చాలాచోట్ల నూటికి రెండు రూపాయల వడ్డీ డబ్బు పూడుస్తుంది. నాలుగు నెలలకు దాని ఖర్చు 1 లక్షా 32 వేలు. స్థూల లాభంలో దాదాపు పదకొండో వంతు అక్కడే పోయింది. దానికి తోడు ఇంకో నష్టం ఉంది, అది పుస్తకంలో ఎక్కడా ఖర్చుగా కనిపించదు. డీలరు 15 రోజుల్లో నగదు కడితే 4 శాతం తగ్గిస్తాననీ, లేకపోతే 75 రోజుల గడువు అనీ అన్నాడనుకోండి. డబ్బు లేక గడువు తీసుకున్న వ్యాపారి 96 రూపాయలను 60 రోజులు వాడుకున్నందుకు 4 రూపాయలు వదులుకుంటున్నాడు. ఏడాదికి లెక్కిస్తే ఇది 25 శాతం వడ్డీ. చెల్లింపు రోజులు ఎక్కువగా ఉండటం బేరంలో గట్టివాడికి గుర్తు అని అనేక విశ్లేషణలు చెబుతాయి. ఇలాంటి దుకాణంలో అది చేతిలో డబ్బు లేదనడానికి గుర్తు కూడా కావచ్చు. తగ్గింపు వస్తున్నా వదిలేస్తున్నాడా అన్నది కనుక్కుంటే రెండింటిలో ఏదో తేలిపోతుంది.

వ్యాపారం పెంచితే ఇదంతా తీరుతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతుంది. ఈ దుకాణం అమ్మకాలు 20 శాతం పెరిగి అలవాట్లు అలాగే ఉంటే, స్థూల లాభం 2 లక్షల 92 వేలు పెరుగుతుంది. అది కూడా ఏడాది పొడుగునా వచ్చేది. సెప్టెంబరులో అదనంగా కావలసిన డబ్బు మాత్రం 10 లక్షల 60 వేలు. పక్క మండలంలో రెండో దుకాణం తెరిచిన ఏడాదే మొదటి దుకాణం చెక్కులు వెనక్కి రావడం వెనుక ఉండేది ఈ అంకెలే.

కాబట్టి ముందు చేయవలసింది ఆ 9 లక్షల పాత బాకీని ప్రస్తుత ఖాతాల నుంచి విడదీసి, పేరుపేరునా వాయిదాలు రాయించుకోవడం. మిర్చి అమ్మిన రోజు అమ్మకం లెక్క రాసిన తక్‌పట్టీ చేతికి రాగానే ఎంత కట్టాలో కోతలకు ముందే మాట తీసుకోవడం మేలు. పత్తి విషయంలో సీసీఐ కొనుగోలు డబ్బు రైతు బ్యాంకు ఖాతాలోనే నేరుగా పడుతుంది. కాబట్టి డబ్బు ఎప్పుడు పడుతుందో తెలుసుకుని ఆ వారంలో అడగాలే తప్ప దీపావళికి అందరినీ ఒకేసారి అడిగితే ఫలితం ఉండదు. కొత్త అరువుకు ఎకరానికి ఇంత అని హద్దు పెట్టుకోవడం, పాత బాకీ ఉన్న ఖాతాకు నగదు మీదే సరుకివ్వడం మొహమాటంతో కూడిన పనులే. అయినా వేరే దారి లేదు.

రెండోది బ్యాంకుతో మాట్లాడటం. ఏడాది పొడుగునా ఒకే పరిమితి బదులు సీజనులో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ ఉండేలా క్యాష్ క్రెడిట్ పరిమితి అడగవచ్చు. అందుకు మార్చి 31 బ్యాలెన్స్ షీట్ పనికిరాదు, నెలనెలా అమ్మకాలు, నిల్వ, బాకీల పట్టిక కావాలి. నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్ ఆధారంగా బ్యాంకు ఎంత వాడుకోనిస్తుందో లెక్కించేటప్పుడు సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను పరిగణించదు. మన దుకాణంలో సీజను బాకీ 87 రోజుల లోపే ఉంది కాబట్టి 53 లక్షలూ లెక్కలోకి వస్తాయనుకుందాం. సరుకు 18 కలిపి, ఇవ్వవలసిన 27 తీసేస్తే 44 లక్షలు. 25 శాతం మార్జిన్ పోగా 33 లక్షలు. పాత 9 లక్షలు వసూలైతే సెప్టెంబరు అవసరం 44 లక్షలకు దిగుతుంది. బ్యాంకు 33, యజమాని 7 లక్షల 30 వేలు పెడితే, రెండు రూపాయల వడ్డీకి తేవలసింది 16 లక్షల 50 వేలు కాదు, 3 లక్షల 70 వేలు.